"ఫీల్ గుడ్" అని చూసి అద్దె కట్టకండి: నిద్ర కోసం సినిమా పెట్టుకునేవాళ్లకు హెచ్చరిక

రాత్రి సినిమా పెట్టుకుని దాని మాటలు వింటూ నిద్రపోయే అలవాటు ఉన్నవాళ్లకు, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ల కోసం ఓటీటీలో సినిమాలు అద్దెకు తీసుకునేవాళ్లకు ఇది చెప్తున్నా. పోస్టర్ కింద "ఫీల్ గుడ్" అని, "ఫ్యామిలీ" అని ఉన్నా, యు సర్టిఫికెట్ ఉన్నా, వాటిని చూసి డబ్బులు కట్టకండి. పడుకునే వేళ ఆ సినిమా గుండెను ఎట్లా కుదుపుతుందో ఆ మూడింటిలో ఒక్కటి కూడా చెప్పదు.

మాది నల్లగొండ. బాపు పోయినప్పటి నుంచి అమ్మకు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే కునుకు పట్టదు. మెల్లగా ఎవరో మాట్లాడుకుంటున్నట్టు వినపడుతుంటే చాలు, అరగంటలో నిద్రపోతుంది. అందుకే ఒక యాప్‌లో 149 రూపాయలు కట్టి ఒక కొత్త సినిమా అద్దెకు తీసుకున్నా. పల్లెటూరు, మామిడితోట, సెలవులకు వచ్చిన మనుమరాలు, ఆమెకు కథలు చెప్పే తాత. యాప్‌లో రాసింది కూడా "మనసుకు హాయినిచ్చే కుటుంబ కథ" అనే. మొదటి సగం నిజంగానే హాయిగా ఉంది. అమ్మ కళ్లు మూతలు పడ్డాయి. ఇంటర్వెల్ తర్వాత కొద్దిసేపటికి తాత తోటలోనే కుప్పకూలిపోయాడు. వెంటనే పాడె, ఏడుపులు, వాటికి మించి సావు డప్పు. మన దిక్కు ఆ డప్పు వినపడితే దేనికో చెప్పక్కర లేదు. అమ్మ ఉలిక్కిపడి లేచి కూర్చుంది. "గిదేం సిన్మా పెట్టినవ్ బిడ్డా, మీ బాపు పోయిన రోజే కండ్ల ముందుకొచ్చింది" అన్నది. ఆ రాత్రి ఇక పడుకోలేదు.

ఆ సినిమా చెడ్డదని నేననడం లేదు. పగలు చూస్తే బాగుందని అనేవాళ్లు చాలామంది ఉంటారు. నా ఫిర్యాదు దానికి తగిలించిన పేరు మీద. అమ్మేవాళ్ల లెక్కలో "ఫీల్ గుడ్" అంటే చివరికి మంచి జరిగే కథ. మధ్యలో ఎంత ఏడిపించినా ఆఖరి పది నిమిషాల్లో అందరూ నవ్వితే ఆ పేరు పెట్టేస్తారు. నిద్ర కోసం చూసేవాళ్లకు కావలసింది మధ్యలో కూడా ఏమీ విరిగిపడని కథ. ఈ రెండూ వేరు.

యు సర్టిఫికెట్ సంగతీ అంతే. యు అంటే అన్ని వయసుల వాళ్లూ చూడవచ్చని. యుఏలో ఇప్పుడు 7+, 13+, 16+ అని మెట్లు కూడా ఉన్నాయి. ఓటీటీలో సినిమా మొదలవగానే ఒక మూలన కనపడే చిన్న అక్షరాలు కూడా హింస, బూతు మాటలు, మత్తు పదార్థాల వంటి వాటి గురించే. తాత చనిపోతాడనీ, తల్లికి జబ్బు చేస్తుందనీ వాటిలో ఉండదు. కన్నీళ్లు పెట్టించే చావు పిల్లలు చూడకూడనిది కాదు కాబట్టి, అలాంటి సినిమాకు యు రావడంలో వింతేమీ లేదు.

మంచి సినిమాలకు కూడా ఇది వర్తిస్తుంది. 2012లో వచ్చిన "మిథునం" అంత ప్రశాంతమైన తెలుగు సినిమా ఇంకొకటి చెప్పడం కష్టం. ఇద్దరే మనుషులు, ఒక పెరడు, వంటలు, చిలిపి తగాదాలు. కానీ అది భర్త మరణంతో ముగుస్తుంది. భర్తను పోగొట్టుకున్న మనిషికి తెలియకుండా పెడితే ఎట్లా ఉంటుందో ఆలోచించండి. 2004 నాటి "ఆనంద్" పోస్టర్ మీద మంచి కాఫీలాంటి సినిమా అని ఉంటుంది. ఆ మాట నిజమే, కానీ కథానాయిక కన్నవాళ్లను పోగొట్టుకునే కారు ప్రమాదం ఆ కథలో ఉంది. ఒకదానిలో దెబ్బ చివర ఉంది, ఇంకోదానిలో కథకు మూలంలోనే ఉంది. అందుకని మొదటి అరగంట చూసి బాగుందనుకుంటే సరిపోదు.

నేనిప్పుడు చేస్తున్నది ఇది. డబ్బులు కట్టకముందే వికీపీడియాలో ఆ సినిమా కథ మొత్తం చదువుతా, అదీ చివరి పేరా నుంచి వెనక్కి. కథ ముందే తెలిస్తే మజా పోతుందన్న మాట ఇక్కడ పనికిరాదు, మనకు కావలసిందే ఏం జరుగుతుందో తెలిసి ఉండటం. ఇంగ్లిష్ సినిమాలకైతే doesthedogdie.com అనే సైట్ ఉంది. కుక్క చనిపోతుందా, తల్లిదండ్రులు చనిపోతారా, ఆసుపత్రి సీన్ ఉందా అని చూసినవాళ్లే అందులో ఒక్కో ప్రశ్నకు జవాబు పెడతారు. తెలుగు సినిమాలకు దాని మీద ఆధారపడలేం. నెలవారీ చందాలో ఉన్న సినిమా అయితే పగటిపూట సౌండ్ తీసేసి, కింది గీతను ఇంటర్వెల్ దగ్గర నుంచి చివరిదాకా మెల్లగా జరుపుతూ చూడండి. తెల్లబట్టలు, ఆసుపత్రి మంచం, వానలో పరుగు కనపడితే పక్కన పెట్టేయవచ్చు. అద్దె సినిమాకు మాత్రం ఈ పని చేయకండి, ఎందుకో కింద చెప్తా.

ఏ కథలు పనికొస్తాయంటే, గుట్టు మనకు తెలిసి పాత్రలకు తెలియనివి. "మిస్సమ్మ" (1955)లో పెళ్లికాని ఇద్దరు ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటిస్తారు. "పెళ్లి పుస్తకం" (1991)లో దానికి తిరగేసి, భార్యాభర్తలు పెళ్లి కానట్టు నటిస్తారు. రెండింటిలోనూ దాచిన సంగతి మనకు ముందే తెలుసు, కాబట్టి ఇప్పుడేం బయటపడుతుందో అన్న టెన్షన్ ఉండదు. మధ్యలో నిద్రపోయి మళ్లీ మెలకువ వచ్చినా కథ ఎక్కడికీ పోదు. అమ్మ ఇంతకుముందు ఎన్నోసార్లు చూసిన సినిమా అయితే ఇంకా మంచిది. కొత్తది చూపించాలన్న ఆరాటం మనదే, వాళ్లది కాదు.

ఇక అద్దె విషయం. చాలా యాప్‌లలో అద్దెకు తీసుకున్న సినిమాను మొదలుపెట్టడానికి 30 రోజులు గడువిస్తారు, ఒకసారి ప్లే నొక్కితే మాత్రం 48 గంటలే. రోజూ అరగంట చూసి నిద్రపోయేవాళ్లకు ఇది ఎట్లా సరిపోతుంది? రెండు రాత్రులు గడిస్తే సినిమా సగం కూడా కాకముందే తాళం పడుతుంది. పగలు సీన్లు జరిపి చూద్దామన్నా ప్లే నొక్కిన క్షణం నుంచే గంటలు లెక్కలోకి వస్తాయి. అందుకే నిద్ర కోసమైతే అద్దె సినిమా వద్దే వద్దు.

సౌండ్ కూడా చూసుకోండి. సినిమాల్లో మాటలు తగ్గుగా, డప్పులు, పాటలు, దెబ్బలు హెచ్చుగా ఉంటాయి. మాటలు వినపడాలని పెంచిన వాల్యూమే తర్వాత మీద పడుతుంది. చాలా టీవీల సౌండ్ సెట్టింగ్స్‌లో నైట్ మోడ్ అనో, ఆటో వాల్యూమ్ అనో ఉంటుంది, అది ఆన్ చేస్తే ఆ తేడా తగ్గుతుంది. యాప్‌లో ఆటోప్లే ఆపేయండి, లేకపోతే సినిమా అయిపోగానే ఏదో దయ్యం సినిమా ట్రైలర్ మొదలవుతుంది. టీవీలో స్లీప్ టైమర్ పెడితే ఆ భయమూ ఉండదు.

డబ్బులు వాపసు అడిగితే, ప్లే నొక్కాక ఇవ్వమని ఆ యాప్ కస్టమర్ కేర్ వాళ్లు చెప్పేశారు. ఆ వర్ణన ఇప్పటికీ అట్లనే ఉంది. ఓటీటీల మీద 2021 నుంచి ఉన్న నిబంధనల ప్రకారం ప్రతి సంస్థకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి, 15 రోజుల్లో జవాబివ్వాలి. ఆయనకు రాశాను, 149 రూపాయల కోసం కాదు, ఆ వర్ణనలో మరణం సంగతి ఒక్క ముక్క చేర్చమని. మీకూ ఇట్లా జరిగి ఉంటే వర్ణన స్క్రీన్‌షాట్, అద్దె రసీదు దాచిపెట్టుకుని రాయండి. జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులో కూడా మాట్లాడవచ్చు.