ముందే కట్టిన బీమా: ఆస్తిగా రాయాలా, ఖర్చుగా రాయాలా?

పన్నెండు నెలల బీమాకు ప్రీమియం 12,000 ఒకేసారి కట్టారు. లెక్కల సంవత్సరం ముగిసేసరికి మూడు నెలలే గడిచాయి. నెలకు 1,000 చొప్పున 3,000 ఈ ఏటి ఖర్చు, మిగతా 9,000 వచ్చే ఏటిది. ఇంతవరకు పేచీ లేదు. కట్టిన రోజున దేన్ని డెబిట్ చేయాలన్న దగ్గరే రెండు దారులున్నాయి.

ఆస్తి పద్ధతిలో ముందస్తు బీమా ఖాతాకు 12,000 డెబిట్, బ్యాంకుకు క్రెడిట్. ఏడాది చివర కరిగిపోయిన భాగాన్ని ఖర్చులోకి తెస్తాం: బీమా ఖర్చు డెబిట్ 3,000, ముందస్తు బీమా క్రెడిట్ 3,000.

ఖర్చు పద్ధతిలో మొదటి రోజే బీమా ఖర్చుకు 12,000 డెబిట్ చేస్తాం. చివర్లో మిగిలిన భాగాన్ని వెనక్కి లాగుతాం: ముందస్తు బీమా డెబిట్ 9,000, బీమా ఖర్చు క్రెడిట్ 9,000.

ఏ దారిన వెళ్లినా లాభనష్టాల ఖాతాలో 3,000, బ్యాలెన్స్ షీట్‌లో 9,000 తేలుతుంది. తేడా వచ్చేది పొరపాటు జరిగినప్పుడే. ఎక్కువగా జరిగేది, రాసింది ఒక పద్ధతిలో, సర్దింది మరో పద్ధతిలో. ఖర్చుగా రాసిన పుస్తకంలో 3,000 ఎంట్రీ వేస్తే బీమా ఖర్చు 15,000కు ఎగబాకుతుంది, ముందస్తు బీమా ఖాతాలో 3,000 క్రెడిట్ నిల్వ కనిపిస్తుంది. ఆస్తి ఖాతాకు క్రెడిట్ నిల్వ రావడమే ఇక్కడ దొంగను పట్టించే గుర్తు. ట్రయల్ బ్యాలెన్స్ మాత్రం చక్కగా సరిపోతుంది, దాన్ని నమ్ముకుంటే ఈ తప్పు దొరకదు. అందుకే సర్దుబాటు ఎంట్రీ వేసేముందు లెడ్జర్ తెరిచి, ఆ 12,000 ఏ ఖాతాలో కూర్చుందో చూసుకోవాలి.

ప్రతి నెలా లెక్కలు మూసేవారికి ఆస్తి పద్ధతే మేలు. నెలనెలా 1,000 ఎంట్రీ ఒకటే, వచ్చే ఏడు కూడా అదే సాగుతుంది. ఏడాదికి ఒక్కసారే మూసేవారికి, అందులోనూ చాలా చెల్లింపుల గడువు ఆ ఏడాదిలోనే తీరిపోయేవారికి, ఖర్చు పద్ధతిలో పని తక్కువ. గడువు తీరినవాటికి సర్దుబాటే అక్కర్లేదు.

ముందుగా అందిన ఆదాయం దీనికి అద్దంలో బొమ్మ. ఆరు నెలల శిక్షణకు ఫీజు 6,000 వచ్చింది, రెండు నెలలే పాఠాలు చెప్పారు. అప్పుగా రాసి ఉంటే 2,000ను ఆదాయంలోకి మారుస్తాం. ఆదాయంగా రాసి ఉంటే 4,000ను అప్పులోకి మారుస్తాం. ఇక్కడ మాత్రం నేను అప్పు వైపే మొగ్గుతాను. సర్దుబాటు మరిచిపోతే అప్పు పద్ధతిలో లాభం 2,000 తగ్గి కనిపిస్తుంది. ఆదాయ పద్ధతిలో అయితే ఇంకా చెప్పని పాఠాల డబ్బు 4,000 లాభంగా లెక్కలోకి ఎక్కుతుంది. రెండూ తప్పులే, కానీ రెండోది ప్రమాదకరం.

బకాయి ఖర్చులో ఈ చిక్కు లేదు, ఎందుకంటే డబ్బు ఇంకా చేతులు మారలేదు. ఆరు పనిదినాల వారానికి జీతాలు 6,000, శనివారం చెల్లింపు, సంవత్సరం మంగళవారం ముగిసింది అనుకుందాం. సోమ, మంగళవారాల 2,000ను జీతాల ఖర్చుకు డెబిట్ చేసి, చెల్లించాల్సిన జీతాలకు క్రెడిట్ చేస్తాం. తేల్చుకోవాల్సింది ఆ తర్వాతి శనివారం సంగతి.

రివర్సల్ ఎంట్రీ వేయకపోతే ఆ రోజు 6,000ను విడగొట్టాలి: 2,000 చెల్లించాల్సిన జీతాలకు, 4,000 ఖర్చుకు. చెల్లింపులు రాసే మనిషి అలవాటు కొద్దీ మొత్తం ఖర్చుకే రాసేస్తే 2,000 రెండేళ్లలోనూ లెక్కకొస్తుంది, బకాయి ఖాతాలో పాత 2,000 నెలల తరబడి కదలకుండా పడి ఉంటుంది. కొత్త ఏడాది మొదటి రోజే ఎంట్రీని తిరగేస్తే, అంటే బకాయికి డెబిట్, ఖర్చుకు క్రెడిట్ వేస్తే, శనివారం 6,000 ఎప్పటిలా ఖర్చుకు రాసుకోవచ్చు. నికరంగా 4,000 మిగులుతుంది. రాసేవారు, మూసేవారు వేర్వేరు మనుషులైన చోట రివర్సలే మేలు.

ఆ ఊపులో అన్నిటినీ తిరగేయకూడదు. ఖర్చు పద్ధతిలో వేసిన 9,000 ఎంట్రీని తిరగేయవచ్చు. ఆస్తి పద్ధతిలోని 3,000 ఎంట్రీని తిరగేస్తే మాత్రం వాడేసిన బీమా మళ్లీ ఆస్తిగా లేచి కూర్చుంటుంది. సర్దుబాటు వల్ల కొత్తగా ఆస్తి నిల్వో అప్పు నిల్వో పుట్టిందా అని చూడండి. పుట్టితే తిరగేయవచ్చు, ఉన్న నిల్వను తగ్గించడమే జరిగితే దాని జోలికి పోవద్దు.