1 మిల్లీఆంప్ మీటరుతో 15 వోల్టుల వోల్ట్‌మీటర్: ఇన్వర్టర్ బ్యాటరీ మీద ఏళ్ల వాడకం తర్వాత

మా ఇంట్లో ఇన్వర్టర్ మెట్ల కింద ఉంటుంది. బ్యాటరీ ఎంత ఉందో హాల్లో కూర్చుని చూడాలనిపించి, కోఠి గుజరాతీ గల్లీలో ఒక ముల్లు మీటర్ కొన్నాను. మూవింగ్ కాయిల్ రకం, 1 మిల్లీఆంప్ ఫుల్ స్కేల్, కాయిల్ రెసిస్టెన్స్ 75 ఓమ్‌లు. డిజిటల్ ప్యానెల్ మీటర్ అంతకంటే చవగ్గా వస్తుందని తెలుసు. కానీ అంకెలు చదవడం వేరు, దారిన పోతూ ముల్లు ఎటు వాలిందో ఓ చూపు చూసి వెళ్లడం వేరు. ఇన్నేళ్లు వాడాక నా లెక్క ప్రకారం ఈ మీటరు పనితనమంతా దానితో సిరీస్‌లో పెట్టిన రెసిస్టర్‌లోనే ఉంది. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందు ఎన్ని వోల్టుల రేంజి కావాలో తేల్చుకోవాలి. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ వాడకంలో ఉన్నప్పుడు దాదాపు 11 నుంచి 14.5 వోల్టుల మధ్యే తిరుగుతుంది. ముల్లు మొత్తం తిరిగేది 90 డిగ్రీలు. 15 వోల్టుల స్కేలు పెడితే ఈ మూడున్నర వోల్టులకు 21 డిగ్రీలు దక్కుతాయి. 20 వోల్టులు పెడితే 16 కూడా రావు. ఛార్జింగ్‌లో ఎప్పుడైనా 15 కొంచెం దాటినా ముల్లు చివరి పిన్నుకు ఆనుకుని ఆగుతుంది తప్ప కాయిల్‌కు ఏమీ కాదు. అందుకే 15 దగ్గర ఆగాను.

రెసిస్టర్ లెక్క ఒక్క లైనే:

```
Rs = V / I - Rm
Rs = 15 / 0.001 - 75 = 14925
```

అంటే 14,925 ఓమ్‌లు. ఆ విలువ ఉన్న రెసిస్టర్ కొట్లో దొరకదు. ఇక్కడే చాలామంది 20 కిలో ఓమ్‌ల ప్రీసెట్ ఒక్కటి పెట్టి, తిప్పి సరిచేసుకుని వదిలేస్తారు. మా వీధిలో ఒక షాపులో అలాగే కట్టి ఉన్న మీటర్ చూశాను. ఎవరో స్క్రూడ్రైవర్‌తో ప్రీసెట్‌ను ఆ చివరికి తిప్పేశారు, రెసిస్టెన్స్ సున్నా అయ్యింది. 12.6 వోల్టులు నేరుగా 75 ఓమ్‌ల కాయిల్ మీద పడితే పారేది 168 మిల్లీఆంప్‌లు. 1 మిల్లీఆంప్ మీటరుకు అది ఎంత దెబ్బో చెప్పక్కర్లేదు. ముల్లు వంగిపోయి, కాయిల్ కాలి, ఆ మీటర్ చెత్తబుట్టకు పోయింది.

నేను 12 కిలో ఓమ్‌లు, 2.2 కిలో ఓమ్‌లు రెండూ 1 శాతం మెటల్ ఫిల్మ్‌వి తీసుకుని, వాటికి 1 కిలో ఓమ్ ప్రీసెట్ కలిపాను. అన్నీ సిరీస్‌లోనే. స్థిరంగా ఉండేది 14.2 కిలో ఓమ్‌లు కాబట్టి ప్రీసెట్ నుంచి రావాల్సింది దాదాపు 725 ఓమ్‌లు. రెసిస్టర్లు ఒక శాతం అటూ ఇటూ ఉన్నా తేడా 142 ఓమ్‌లు మించదు, అది ప్రీసెట్ పరిధిలోనే సర్దుకుంటుంది. దాన్ని పూర్తిగా ఈ చివరికి తిప్పేసినా మీటరులో పారేది 0.88 మిల్లీఆంప్‌లే. ఇంకో లాభం కూడా ఉంది. ప్రీసెట్ లోపలి పట్టీ దుమ్ము పట్టి కాస్త మారినా, అది మొత్తంలో ఇరవయ్యో వంతే కనుక రీడింగ్ మీద ప్రభావం నామమాత్రం.

వేడి గురించి కూడా ఒక మాట. కాయిల్ రాగిది. రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 20 డిగ్రీల చలికాలం పొద్దున్నుంచి 45 డిగ్రీల మే మధ్యాహ్నానికి వచ్చేసరికి 75 ఓమ్‌ల కాయిల్‌కు ఏడు ఓమ్‌లు అదనంగా చేరతాయి. 15 వేలలో ఏడు లెక్కలోకి రాదు. ఇదే మీటరును అర వోల్టు రేంజికి కట్టి ఉంటే మొత్తం 500 ఓమ్‌లే కాబట్టి ఒకటిన్నర శాతం తేడా వచ్చేది. అందుకే పెద్ద రేంజిలో కాయిల్ రెసిస్టెన్స్ కచ్చితంగా తెలియకపోయినా నష్టం లేదు. దాన్ని కొలుద్దామని ముల్లు మల్టీమీటర్‌ను అతి తక్కువ ఓమ్‌ల రేంజిలో పెట్టి తగిలించకండి. ఆ రేంజి పదుల మిల్లీఆంప్‌లు పంపుతుంది.

రెసిస్టర్లను ఎక్కడ పెట్టాలన్నది నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది. స్థిర రెసిస్టర్లు రెండూ బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ దగ్గరే ఉన్నాయి, ప్రీసెట్ మీటరు వెనక ఉంది. మెట్ల కింద నుంచి హాల్లోకి వచ్చిన సన్న వైరు ఎక్కడైనా ఒరుసుకుని షార్ట్ అయినా అందులో పారేది ఒక మిల్లీఆంపే. రెసిస్టర్ మీటరు పక్కన ఉంటే ఆ వైరు నేరుగా పెద్ద బ్యాటరీకి తగిలినట్టే, నిప్పు రాజుకోవడానికి అది చాలు. వైరు పొడవు వల్ల ఓ పది ఓమ్‌లు పెరిగినా 15 వేలలో తెలియదు.

ఇక లోపాలు. ఇది 2.5 క్లాస్ మీటరు. అంటే ఫుల్ స్కేలులో రెండున్నర శాతం, అంటే 0.375 వోల్టు, తప్పు ఎక్కడైనా రావచ్చు. కదపకుండా ఉంచిన బ్యాటరీ నిండుగా ఉన్నప్పటికీ సగం అయినప్పటికీ తేడా అర వోల్టు కూడా ఉండదు కనుక ఇది చిన్న లోపం కాదు. దీనికి నేను చేసింది ఒకటే. ప్రీసెట్‌ను 15 దగ్గర కాకుండా, మంచి మల్టీమీటర్ పక్కన పెట్టి బ్యాటరీ 12.5 ఉన్నప్పుడు తిప్పాను. నాకు కావాల్సిన చోట తప్పు దాదాపు పోయింది, మిగతా స్కేలు ఎలా ఉన్నా నాకు అక్కర్లేదు. ఏటా ఒకసారి పోల్చి చూస్తుంటాను. ప్రీసెట్ మళ్లీ ముట్టుకోవాల్సిన అవసరం రాలేదు.

డయల్ మీద అచ్చయినది 0 నుంచి 1 వరకు, యాభై గీతలు. ఒక గీతకు 0.3 వోల్టు వస్తుంది, చదవడం పెద్ద చిరాకు. అర వోల్టుకో గీత చొప్పున కొత్త కాగితం అచ్చు వేయించి అతికించాను. ఇంకో చికాకు ప్లాస్టిక్ ముఖానిది. పొడిబట్టతో తుడిస్తే స్టాటిక్ వల్ల ముల్లు ఓ పక్కకు లాగేసి అక్కడే నిలిచిపోతుంది. తడిబట్టతో తుడిస్తే వదులుతుంది. పండగ శుభ్రాలప్పుడు ఇంట్లో వాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి.

ఈ మీటరును సర్క్యూట్లు పరీక్షించడానికి కూడా వాడుకోవచ్చనుకునే వాళ్లకు నా సమాధానం, వద్దు. బ్యాటరీకి ఒక మిల్లీఆంప్ లెక్కే కాదు, రోజంతా కలిపినా 20 మిల్లీఆంప్-అవర్లు. కానీ 12 వోల్టులకు 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు సిరీస్‌లో ఉంటే మధ్యలో 6 వోల్టులు ఉండాలి, ఇది పెట్టి చూస్తే 1.4 కూడా చూపదు. దాని 15 కిలో ఓమ్‌లే ఆ వోల్టేజిని కిందికి లాగేస్తాయి. 50 మైక్రోఆంప్ మీటరైతే ఇదే 15 వోల్టుల రేంజికి 300 కిలో ఓమ్‌లు పడతాయి, అది 5.1 చూపిస్తుంది. ఆ పనికి అలాంటిది కొనాలి, ధర ఎక్కువ, ముల్లు కూడా సున్నితం.

సిరీస్‌లో 10 వోల్టుల జీనర్ పెట్టి స్కేలును 10 నుంచి 15కి సాగదీయమని కొందరు మిత్రులు అంటారు. అప్పుడు రెసిస్టర్ 4,925 ఓమ్‌లు చాలు, ముల్లు వోల్టుకు 18 డిగ్రీలు కదులుతుంది. చూడ్డానికి బాగుంటుంది. అయితే ఆ జీనర్ వోల్టేజి డిగ్రీ వేడికి దాదాపు 7 మిల్లీవోల్టులు పెరుగుతుంది, అంటే చలికాలానికీ ఎండాకాలానికీ మధ్య 0.17 వోల్టు తేడా. ఇప్పుడు వేడికి కదలని మీటరును తీసుకెళ్లి వేడికి కదిలేలా చేయడమే అది. నేను మార్చలేదు.