టీలో తాటిబెల్లమా, స్టీవియానా? గంట తర్వాత మీటర్ ఏం చూపింది

"తాటిబెల్లం వేసుకుంటే షుగర్ పెరగదంట కదా అక్కా?" అని మా అనంతపురం వీధిలో ఇప్పటికి నలుగురైనా అడిగారు. మా నాయన కూడా అదే నమ్మకంతో ఆరు నెలలు తాటిబెల్లం టీ తాగాడు. "రెండు గంటల తర్వాత చూస్తే ఏమీ పెరగలేదు" అనేది ఆయన వాదన.

తిరకాసంతా ఆ రెండు గంటల్లోనే ఉంది. భోజనానికైతే రెండు గంటలకు చూడటం సరైనదే. టీలో కలిసిన పది గ్రాముల తీపి మాత్రం తొందరగా రక్తంలో చేరి, ముప్పావుగంట నుంచి గంట లోపు పైకి పోయి, దిగడం మొదలుపెడుతుంది. రెండు గంటలకు చూస్తే చక్కెర టీ కూడా మంచిదానిలాగే కనబడుతుంది.

అందుకని పరగడుపున, ఒకే గ్లాసు, వంద మిల్లీలీటర్ల పాలు, స్పూనుతో కాకుండా తూకం వేసి పది గ్రాముల తీపి, గంటకు చూడటం అని పెట్టుకున్నాం. ఒక్కోదాన్ని రెండేసి రోజులు చూశాం. పరగడుపున నాయన షుగర్ 125 నుంచి 130 మధ్య ఉండేది. ఏ తీపీ లేని టీకి గంటకు 140 దాకా పోయింది, ఎందుకంటే పాలలోనూ లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. చక్కెర టీకి 170 వచ్చింది. తాటిబెల్లానికి 167, కొబ్బరి చక్కెరకు 162. స్టీవియా అనే ఆకు నుంచి తీసిన తీపి చుక్కలు వేస్తే 141, అంటే ఉత్త పాల టీతో సమానం.

170కీ 162కీ మధ్య తేడా చూసి కొబ్బరి చక్కెర మేలనుకోకండి. ఇంటి గ్లూకోమీటర్ వందకు పదిహేను అటూ ఇటూ చూపినా సరైనదానికిందే లెక్క. చక్కెర టీ తాగిన రెండు రోజుల మధ్యే మాకు తొమ్మిది తేడా వచ్చింది. ఇంకోమాట, ఒకరోజు నాయన బెల్లం చిదిమిన వేలితోనే చుక్క ఇస్తే 243 వచ్చింది. చేయి సబ్బుతో కడిగి తుడుచుకుని మళ్ళీ చూస్తే 165. బెల్లం పరీక్షలకు ఇది ముఖ్యం.

నిజానికి తాటిబెల్లమూ, కొబ్బరి చక్కెరా చాలావరకు సుక్రోజే, అంటే మన చక్కెరలో ఉన్నదే. కొబ్బరి చక్కెరకు గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే ఒక తిండి రక్తంలో షుగర్‌ను ఎంత తొందరగా పెంచుతుందో చెప్పే అంకె, 35 అని ఫిలిప్పీన్స్‌లో తేలిన లెక్కను ప్యాకెట్ల మీద వేసుకుంటారు. సిడ్నీ యూనివర్సిటీ పరీక్షలో అది 54 వచ్చింది. మామూలు చక్కెరది 65 దగ్గర. ఆ తేడా ఉన్నా, పది గ్రాములు వేస్తే తొమ్మిది గ్రాములకు పైగా పిండిపదార్థమే లోపలికి పోతుంది. తాటిబెల్లంలో ఖనిజాలు ఉన్న మాట నిజమే, కానీ ఆ కాస్త బెల్లంతో వచ్చేది చాలా తక్కువ. రుచి కోసం తినండి, నాకూ ఇష్టమే. షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం దాన్ని చక్కెర లెక్కలోనే వేసుకోవాలి.

మాంక్ ఫ్రూట్ చైనా పండు. దాని సారం కూడా రక్తంలో గ్లూకోజు పెంచదు. కాకపోతే ధర ఎక్కువ, మన అంగళ్ళలో దొరకడం కష్టం.

నా ఓటు స్టీవియాకే, ఒక షరతు మీద. స్టీవియా సారం చక్కెర కన్నా రెండు మూడు వందల రెట్లు తీపి కాబట్టి, స్పూనుతో కొలిచే పొడిలో ఎక్కువ భాగం వేరే సరుకే. డబ్బా వెనక చదవండి. అక్కడ మాల్టోడెక్స్ట్రిన్ గానీ, డెక్స్ట్రోజ్ గానీ ముందు రాసి ఉంటే అది గ్లూకోజు లాగే షుగర్ పెంచుతుంది. ఎరిత్రిటాల్ అయితే దాదాపు పెంచదు. చుక్కల సీసాలో ఈ గొడవ తక్కువ. ఒక చుక్క ఎక్కువైతే నాలుక మీద ఆకు చేదు నిలుస్తుంది, మా నాయన వారం రోజులు సణిగాడు. ఓళిగల పూర్ణానికి మాత్రం పనికిరాదు, బెల్లం ఇచ్చే ముద్ద దీనితో కట్టదు.

స్టీవియాకు మారినవాళ్ళు మరచిపోయేది ఇంకొకటుంది. షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్ళకు ఒక్కోసారి షుగర్ 70 కంటే కిందికి పడి చెమటలు, వణుకు వస్తాయి. అప్పుడు స్టీవియా టీ ఇస్తే ఏమీ లాభం లేదు. మూడు స్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకు మళ్ళీ చూడాలి. అందుకే మా వంటింట్లో స్టీవియా సీసా ఉన్నా, నాయన చొక్కా జేబులో మాత్రం చక్కెర పొట్లమే ఉంటుంది.