ప్యాకేజీయా, విడివిడిగానా: ఒక ట్రిప్పు లెక్క

సముద్రం ఒడ్డున నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు. మావారు, నేను, ఎనిమిదేళ్ల మా అబ్బాయి. టూర్ ఏజెంట్ చెప్పిన ప్యాకేజీలో విమాన టికెట్లు, హోటల్, ఉదయం టిఫిన్, ఎయిర్‌పోర్ట్ నుంచి హోటల్‌కి కారు, రెండు రోజులు ఊరు చూపించడం అన్నీ ఉన్నాయి. ఆ మొత్తాన్ని 100 అనుకోండి. మిగతా ఖర్చులన్నీ ఆ కొలతలోనే చెబుతాను. ఏ డబ్బులో చూసుకున్నా లెక్క మారదు.

ఆ రాత్రి ఫోన్‌లో విడిగా వెతికాను. విమానం ఒక్కరికి రానూపోనూ 13, ముగ్గురికి 39. అదే హోటల్ 36. మొత్తం 75! నాలుగో వంతు మిగిలినట్టే అని మావారిని నిద్ర లేపి మరీ చెప్పాను. "పొద్దున్న మళ్లీ చూడు" అని అటు తిరిగి పడుకున్నారు.

పొద్దున్న చూస్తే నిజంగానే 75 కాదు. ముగ్గురికి కలిపి వెతగ్గానే టికెట్ 13 నుంచి 15కి ఎక్కింది. ముందు సైట్ తప్పేమో అనుకున్నాను. విమానంలో సీట్లు రకరకాల ధరల అరల్లో ఉంటాయి. చవక అరలో రెండే మిగిలి ఉంటే, ముగ్గురికి అడిగినప్పుడు మామూలుగా ముగ్గురినీ పై అరలోకి తోసేస్తుంది. ఇద్దరికి ఒకసారి, మూడో మనిషికి ఇంకోసారి వెతికితే 26, 15 కలిపి 41 అయింది. 45కి బదులు 41. పిల్లాడి టికెట్ మాత్రం పెద్దవాళ్లతో కలిపే తీయాలి కాబట్టి వాడికి, నాకు ఒక పీఎన్ఆర్, మావారికి వేరే పీఎన్ఆర్. ఈ తెలివితేటలు తర్వాత నా మెడకే చుట్టుకున్నాయి, ఆ సంగతి చెబుతాను.

చవక టికెట్‌లో చేతి సంచికే చోటు. రెండు పెద్ద బ్యాగులకి 4 కలిపితే విమానం ఖర్చు 45. హోటల్ 36 అన్నది పన్ను లేకుండా, టిఫిన్ లేకుండా చూపించిన ధర. పన్ను 4, టిఫిన్ 3, పిల్లాడికి అదనపు మంచం 3 కలిపితే 46. ఎయిర్‌పోర్ట్ కార్లు 4, రెండు రోజులు తిరగడానికి కారు 8. అన్నీ కూడితే 103.

అంటే ప్యాకేజీయే చవకా? అక్కడా తవ్వాలి కదా. ఏజెంట్‌కి ఫోన్ చేశాను.

"పిల్లాడికి మంచం ఉందా అండీ?"

"చైల్డ్ వితౌట్ బెడ్ రేటు మేడమ్ అది. బెడ్ కావాలంటే కొంచెం యాడ్ అవుతుంది."

ఆ కొంచెం 3. కట్టేటప్పుడు పడే పన్ను ఇంకో 5. అంటే ప్యాకేజీ అసలు ధర 108. హోటల్ పేరు పక్కన చిన్న అక్షరాల్లో "లేదా అదే స్థాయి హోటల్" అని ఉంది. మేము ఫొటోల్లో చూసి ముచ్చటపడింది సముద్రం కనిపించే గది. ఆయన లెక్క వేసింది వెనకవైపు గదికి. హోటల్ పేరు, గది రకం ఈమెయిల్‌లో రాసి పంపమంటే రెండు రోజులు నాన్చి, పేరు మాత్రం పంపాడు. గది రకం రానేలేదు. నేను విడిగా చూసిన 46 కూడా వెనకవైపు గదిదే కాబట్టి పోలిక చెడలేదు. 108కి 103. ఇంత చాకిరీ చేస్తే మిగిలింది ఐదు. ఇంతే తేడా అయితే ప్యాకేజీకే ఓటు వేద్దామనుకున్నాం. తలనొప్పి ఉండదు కదా.

అప్పుడు మావారు విమానం టైములు చూశారు. ప్యాకేజీ ఇచ్చిన విమానంలో వెళ్తే మొదటి రోజు హోటల్ చేరేది రాత్రి పదకొండుకి. ఐదో రోజు తెల్లవారుజామున ఐదింటికే హోటల్ నుంచి బయల్దేరాలి. కాగితం మీద ఐదు పగళ్లు, చేతికి దొరికేవి మూడు. ఎవరికీ వద్దనిపించే టైముల్లో సీట్లు చవక. ప్యాకేజీ ధర తగ్గడంలో వాటి పాత్ర చాలా ఉంటుంది. నేను వేసిన 103 లెక్క కూడా ఆ విమానాలదే. పొద్దున్న పదింటికి చేరి, ఐదో రోజు సాయంత్రం బయల్దేరే విమానాలు చూస్తే 7 ఎక్కువ, మొత్తం 110. కానీ నాలుగున్నర రోజులు. రోజు లెక్కన ప్యాకేజీ 36, మాది 24 చిల్లర. ఇక ఆలోచించలేదు, విడివిడిగానే బుక్ చేశాం.

ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం మెసేజ్ వచ్చింది. పొద్దుటి విమానం రాత్రి ఎనిమిదికి మారిందని. అది నాకు, పిల్లాడికి. మావారిని మర్నాడు పొద్దుటి విమానంలో వేశారు. రెండు పీఎన్ఆర్‌లు కదా, మేము ఒకే కుటుంబమని వాళ్ల సిస్టమ్‌కి ఏం తెలుసు! ముగ్గురినీ ఒకే విమానంలోకి తేవడానికి నలభై నిమిషాలు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. నాలుగు మిగిల్చిన తెలివికి అదీ శిక్ష.

అసలు టెన్షన్ హోటల్‌ది. చవకగా వస్తుందని క్యాన్సిల్ చేస్తే డబ్బు రాని రేటు తీసుకున్నాం. మొదటి రాత్రి చెప్పకుండా వెళ్లకపోతే నో షో అని ఆ ఒక్క రాత్రే కాదు, నాలుగు రాత్రుల గదీ రద్దు చేసే హోటళ్లు ఉంటాయి. రిసెప్షన్‌కి ఫోన్ చేసి, అర్ధరాత్రి దాటాక వస్తామని చెప్పి, అదే ఈమెయిల్ కూడా పెట్టాను. గది నిలిచింది. ముందే డబ్బు కట్టిన కారు మాత్రం పొద్దున్నే వచ్చి, చూసి, వెళ్లిపోయింది. ఇంకో కారుకి 2 అయింది. ప్యాకేజీ అయితే ఈ ఫోన్లన్నీ ఏజెంట్ నెత్తిన ఉండేవి. ఆ ఐదు తేడాలో ఇది కూడా కలిసే ఉందని అప్పుడు తెలిసింది.

తిరిగొచ్చాక చూస్తే ఖర్చు 112, దొరికింది మూడున్నర రోజులు. రోజుకి 32. గెలిచామనే అనుకున్నాం గానీ, గట్టిగా చెప్పుకునేంత ఏమీ కాదు.

మరుసటేడు మాల్దీవులకి మాత్రం ప్యాకేజీయే తీసుకున్నాం. అక్కడి ప్యాకేజీని 100 అనుకుంటే, విడి లెక్క 118కి పోయింది. మేము ఎంచుకున్న రిసార్ట్ ఉన్న దీవికి సీప్లేన్‌లోనే వెళ్లాలి, ఆ టికెట్ రిసార్టే అమ్ముతుంది, బయట బేరం కుదరదు. దీవిలో ఇంకో హోటల్ లేదు కాబట్టి మూడు పూటలా భోజనం వాళ్ల దగ్గరే. ప్యాకేజీలో ఇవన్నీ కలిపి వచ్చాయి. సీప్లేన్లు పగలే ఎగురుతాయి కాబట్టి విమానం కూడా మధ్యాహ్నానికల్లా మాలే చేరేదే ఇచ్చారు. విడిగా వెతికినప్పుడు నేను చవకని మురిసిపోయిన విమానం దిగేది సాయంత్రం ఏడింటికి. అది తీసుకుని ఉంటే మొదటి రాత్రికి మాలే దగ్గర ఇంకో హోటల్ గది వెతుక్కునేవాళ్లం, దీవిలో ఖాళీగా ఉన్న గదికీ డబ్బు కట్టేవాళ్లం.