పండుగ ఆఫర్ సీరియల్ లైట్లతో బాల్కనీ గ్రిల్‌కు కరెంటు పాకింది, కొనేవారు జాగ్రత్త

దీపావళికి ఇల్లు అలంకరించుకుందామని కోఠిలోని ఒక దుకాణంలో పండుగ ఆఫర్ ప్యాక్ కొన్నాను. అందులో ఆరు సీరియల్ లైట్ల దండలు, గుమ్మానికి ప్లాస్టిక్ తోరణం, డజను ప్రమిదలు ఉన్నాయి. బాల్కనీ గ్రిల్‌కు దండలు చుట్టి వెలిగించగానే వీధిలోని పిల్లలు ఆగి చూశారు. ఆ సాయంత్రం చిన్న జల్లు పడింది. ప్రమిదలు పెట్టడానికి వెళ్లి గ్రిల్ పట్టుకున్న మా అమ్మకు చేయి జివ్వుమంది. అదృష్టవశాత్తు వెంటనే చేయి వెనక్కి తీసుకుంది.

"ఎల్‌ఈడీ కదండీ, షాక్ కొట్టదు" అని దుకాణదారు చెప్పిన మాట నేను నమ్మాను. ఒక్కో బల్బుకు సుమారు మూడు వోల్టులే చాలన్నది నిజమే. కానీ ఆ దండలో బల్బులన్నీ ఒకదాని వెనక ఒకటిగా కలిపి, నేరుగా 230 వోల్టుల కరెంటుకే తగిలించారు. మధ్యలో ఉన్న చిన్న డబ్బా లైట్లను మెరిపించడానికే తప్ప వోల్టేజీని తగ్గించి వేరు చేయడానికి కాదు. మా ఎలక్ట్రీషియన్ దండను విప్పి చూస్తే, ఒక బల్బు కాలు దగ్గర తొడుగు జారి తీగ బయటపడి, తడిసిన గ్రిల్‌కు ఆనుకుని ఉంది. అంత కొద్దిపాటి లీకేజీకి బోర్డులోని ఎంసీబీ స్విచ్ పడిపోయి కరెంటు ఆగదు. అందుకే ఆయన చిన్న లీకేజీని కూడా పసిగట్టి కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బిగించారు. మాది పాత ఇల్లు కావడం వల్ల అంతవరకూ అది లేదు.

కాబట్టి కొనేముందు ప్లగ్ దగ్గర చూడండి. తేలికైన రెండు పిన్నుల ప్లగ్ నుంచి నేరుగా తీగ వస్తుంటే అది గ్రిల్‌కు, తులసికోటకు, తడి తగిలే చోటుకు పనికిరాదు. ప్లగ్ స్థానంలో కాస్త బరువైన అడాప్టర్ ఉండి, దానిపై ఔట్‌పుట్ 24 లేదా 31 వోల్టుల డీసీ అని రాసి ఉంటే, మంచి అడాప్టర్ అయితే దండలోకి మెయిన్స్ కరెంటు రాదు. అడాప్టర్‌పై R- తో మొదలయ్యే నమోదు నంబరును భారత ప్రమాణాల సంస్థ వారి BIS Care యాప్‌లో వేసి, అదే తయారీదారు పేరు వస్తుందో లేదో చూసుకోవచ్చు. అడాప్టర్ మాత్రం ఇంటి లోపల, పొడిగా ఉన్న ప్లగ్ పాయింటులోనే పెట్టాలి.

పండుగ సామాను వాపసు తీసుకునేది లేదని దుకాణంలో చెప్పారు. దాంతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేశాను. ఆ ఆరు దండలనూ కత్తిరించి పారేశాను. ఇప్పుడు గ్రిల్ మీద అడాప్టర్ దండలు రెండే ఉన్నా, బంతిపూల మాలల మధ్య వాటి పసుపు వెలుగు ఎంతో నిండుగా ఉంది. అమ్మ అదే గ్రిల్ పక్కన ప్రమిదలు వరుసగా పెట్టింది.