30 మందిలో సున్నా మేలా, 400 మందిలో ఇద్దరు మేలా?

రెండు ఇంజెక్షన్లు ఉన్నాయనుకుందాం. పాతదాన్ని 400 మందికి ఇస్తే ఇద్దరికి తీవ్రమైన అలర్జీ వచ్చింది. కొత్తదాన్ని 30 మందికి ఇస్తే ఒక్కరికీ రాలేదు. మిగతా అన్నింట్లో రెండూ సమానమే. అలర్జీ ఒక్కదాన్నే చూసి ఏది వాడాలో చెప్పమంటే చాలామంది చూపు కొత్తదాని మీదే పడుతుంది. పాతది 0.5 శాతం, కొత్తది 0 శాతం అని రాసి ఉంటే ఇక ఆలోచించడానికేముంది అనిపిస్తుంది.

నేనైతే పాతదాన్నే ఎంచుకుంటాను. ఎందుకో కొంచెం నిదానంగా చెబుతాను.

ముందు కొత్త ఇంజెక్షన్ కూడా అచ్చం పాతదానిలాంటిదే, దాని అసలు రేటు కూడా 0.5 శాతమే అనుకుందాం. అప్పుడు ఒక మనిషికి అలర్జీ రాకుండా ఉండే అవకాశం 0.995. వరసగా 30 మందికీ రాకుండా ఉండాలంటే ఆ అంకెను 30 సార్లు గుణించాలి. 0.86 వస్తుంది. అంటే రెండూ ఒకటే అయినా, 30 మందిలో సున్నా కనబడే అవకాశం 86 శాతం ఉంది. ఆ సున్నా కొత్త మందు గొప్పతనం కానక్కర్లేదు, చూసినవాళ్లు తక్కువమంది కావడం వల్లే రావచ్చు.

ఇప్పుడు కొత్తది పాతదానికంటే నాలుగు రెట్లు చెడ్డదనుకుందాం, అంటే 2 శాతం. అప్పుడు కూడా 30 మందిలో సున్నా వచ్చే అవకాశం సుమారు 55 శాతం. పది రెట్లు చెడ్డదైతే, అంటే 5 శాతమైతే, 21 శాతం. పది రెట్లు ప్రమాదమున్న మందు కూడా దాదాపు అయిదుసార్లకోసారి ఇలాంటి శుభ్రమైన రిపోర్టుతో బయటికి రాగలదన్నమాట. ఇలా రేటు పెంచుకుంటూ పోతే 9.5 శాతం దగ్గర ఆ అవకాశం 5 శాతానికి పడిపోతుంది. అసలు రేటు అంతకంటే ఎక్కువే అయ్యుంటే ఒక్కటైనా కనబడేదని అక్కడ ఆగుతాం. ఆ 9.5 శాతమే 95 శాతం కాన్ఫిడెన్స్‌తో మనం చెప్పగలిగిన ఎగువ హద్దు.

దీన్ని కాగితం లేకుండా లెక్కించడానికే మూడు సూత్రం ఉంది. n మందిలో సున్నా వస్తే ఎగువ హద్దు సుమారు 3/n. ఈ మూడు ఎక్కడిదంటే, అసలు రేటును p అనుకుని (1 − p)^n = 0.05 అని రాసి రెండువైపులా లాగరిథం తీసుకుంటే, p చిన్నదైనప్పుడు np విలువ 2.996 దగ్గర తేలుతుంది. 1983లో హాన్లీ, లిప్‌మన్-హాండ్ ఒక వైద్య పత్రికలో వివరించాక వైద్యుల్లో ఇది బాగా వాడుకలోకి వచ్చింది. మన 30 మందికి 3/30, అంటే 10 శాతం. కచ్చితమైన లెక్క 9.5. నోటిలెక్కకు ఆ తేడా పెద్దదేమీ కాదు. పది మందే ఉంటే మాత్రం సూత్రం 30 శాతం అంటుంది, అసలు లెక్క 26 దగ్గర ఆగుతుంది. 30 కంటే తక్కువమంది ఉన్నప్పుడు కచ్చితమైన లెక్కే చేసుకోవడం మేలు.

పాత ఇంజెక్షన్‌కీ ఇదే కొలత పెట్టాలి, లేకపోతే పోలిక న్యాయంగా ఉండదు. రెండు కేసులు కనబడినప్పుడు పైన మూడుకు బదులు 6.3 వేసుకోవాలి (ఒక్కటే కనబడితే 4.7). 6.3ని 400తో భాగిస్తే సుమారు 1.6 శాతం. అంటే పాతదాని గురించి "ఎంత చెడ్డదైనా 1.6 శాతం దాటదు" అనగలం, కొత్తదాని గురించి "9.5 శాతం దాటదు" అని మాత్రమే అనగలం. నాకు పాతది మేలనిపించేది ఇందుకే. కొత్తది చెడ్డదని నేను అనడం లేదు. దాని అసలు రేటు పాతదానికంటే తక్కువ కూడా అయి ఉండవచ్చు. తెలిసింది తక్కువ, అంతే.

ఇక హద్దును ఏ పద్ధతిలో కట్టాలన్నది. క్లాసులో మొదట నేర్పే సూత్రం, అంటే నిష్పత్తికి అటూ ఇటూ 1.96 ప్రామాణిక దోషాలు వేసేది, ఇక్కడ పూర్తిగా చేతులెత్తేస్తుంది. నిష్పత్తి సున్నా కాబట్టి దోషం కూడా సున్నా వచ్చి, సమాధానం "0 నుంచి 0 వరకు" అని వస్తుంది. ముగ్గురిని చూసినా ముప్పై వేలమందిని చూసినా అదే జవాబు. దాన్ని రిపోర్టులో పెట్టడం తప్పు. కచ్చితమైన లెక్కకు R అనే స్టాటిస్టిక్స్ భాషలో ఒక లైను చాలు, కానీ అందులోనూ ఒక చిక్కుంది:

```
binom.test(0, 30)$conf.int                        # 0  0.1157
binom.test(0, 30, alternative = "less")$conf.int  # 0  0.0950
```

మొదటిది రెండువైపుల హద్దు. 5 శాతాన్ని సగం చేసి 2.5 శాతం చొప్పున పంచుతుంది కాబట్టి మూడుకు బదులు 3.7/n లాంటి ఫలితం వస్తుంది. సున్నా దగ్గర కింది హద్దు ఎలాగూ సున్నాయే కనక నాకు ఒకవైపు హద్దే సబబనిపిస్తుంది. ఏది వాడినా ఫర్వాలేదు గానీ ఏది వాడారో రాయాలి. రెండు రిపోర్టుల్లో రెండు రకాలు వాడి పోలిస్తే తేడా మందులది కాకుండా లెక్కలది అవుతుంది. ముందస్తు అంచనా కలిపే బేసియన్ పద్ధతి కూడా ఉంది. అన్ని రేట్లూ సమానంగా సాధ్యమేనని మొదలుపెడితే హద్దు 9.2 శాతం వస్తుంది, పెద్ద తేడా లేదు. కానీ ఆ మొదలు తీవ్రమైన అలర్జీకి నప్పదు. 80 శాతం మందికి అలర్జీ వచ్చే మందు కూడా అంతే సాధ్యమని అది ఒప్పుకుంటుంది. కొత్త మందు పాతదాని కుటుంబంలోదే అయితే ఆ సమాచారాన్ని వాడుకోవచ్చు, కానీ ఫలితాలు చూడకముందే ఆ అంచనా రాసిపెట్టి ఉండాలి.

ఏ పద్ధతి పట్టుకున్నా అసలు కీలకం n లో ఉంది. "300 డోసులు, సున్నా అలర్జీలు" అని చదివితే చెయ్యి వెంటనే 3/300 వేసి 1 శాతం అంటుంది. కానీ అవి 30 మందికి పదేసి డోసులు అయితే? అలర్జీ మనిషి శరీర తత్వాన్ని బట్టి వస్తుంది. మొదటి డోసులు తట్టుకున్న మనిషి తర్వాతివి కూడా తట్టుకోవడంలో కొత్త సమాచారం కొంచెమే. అక్కడ n ముప్పైకే దగ్గర. రెండోది, చూసే కన్ను ఎంత గట్టిది అన్నది. ఇంజెక్షన్ ఇచ్చి అరగంట చూసి పంపేస్తే, ఆ రాత్రి ఇంట్లో వచ్చిన అలర్జీ రిపోర్టులోకి రాదు. జరిగినవాటిలో సగమే మన దృష్టికి వస్తాయనుకుంటే హద్దు రెట్టింపై 6/n అవుతుంది. అందుకే సున్నా రాసిన ప్రతి రిపోర్టులోనూ నేను ముందు వెతికేది, ఎంతమందిని ఎంతకాలం గమనించారు, మధ్యలో మానేసినవాళ్లను ఎక్కడ లెక్కేశారు అన్నదే.

కొత్త ఇంజెక్షన్ పాతదాని సరసన నిలబడాలంటే ఎంతమంది కావాలో కూడా ఇదే లెక్క చెబుతుంది. హద్దు 1.6 శాతానికి దిగాలంటే మొత్తం సుమారు 190 మందిలో సున్నా రావాలి, అంటే ఇంకో 160 మంది. ఆ దారిలో ఒక్క కేసు కనబడినా మూడు స్థానంలో 4.7 వస్తుంది కాబట్టి, మొత్తం దాదాపు 300 మంది దాకా వెళ్లాలి.