ఫోటో గ్యాలరీ లింకులో ఫ్రేములు ఆర్డర్ పెట్టేవాళ్లు జాగ్రత్త. ఒరిజినల్ ఫైళ్లు ముందు చేతికి తీసుకోండి

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగువాళ్ల ఫంక్షన్లకి ఎక్కువగా పిలిచే స్టూడియోనే. పేరు ఇక్కడ పెట్టను, వాళ్ల గ్యాలరీ లింకు అందుకున్నవాళ్లకి చదవగానే తెలిసిపోతుంది. నాన్నగారి సహస్ర చంద్ర దర్శనానికి వాళ్లనే మాట్లాడుకున్నాం. ఫోటోలు బాగా తీశారు, ఆ మాట ఒప్పుకోవాలి. తర్వాత సైట్‌లో మా పేరున గ్యాలరీ పెట్టి లింకూ పాస్‌వర్డూ వాట్సాప్‌లో పంపారు. ఆల్బమ్‌కి కావలసినవాటి మీద గుండె గుర్తు నొక్కి పంపాం, ఆల్బమ్ వచ్చింది. గొడవంతా అదే సైట్‌లో పెట్టిన ఫ్రేముల ఆర్డర్‌తో.

నాన్నని మధ్యలో కూర్చోబెట్టి అందరం నిలబడ్డ గ్రూప్ ఫోటో ఒకటుంది. ఎడమ చివర కుర్చీలో మా మేనత్త. మోకాళ్ల నొప్పులతో ఇల్లు కదలని మనిషి, అన్నయ్య కోసం నెల్లూరు నుంచి వచ్చింది. ఆ ఫోటోనే 12x15 సైజులో, అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ తలా ఒకటి వచ్చేలా ఫ్రేములు ఆర్డర్ పెట్టాను. డబ్బు ముందే కట్టించుకున్నారు.

పార్సిల్ వచ్చింది. నాన్న కళ్లజోడు పెట్టుకుని ఫ్రేము ఒళ్లో పెట్టుకుని చూశారు. కాసేపటికి "చెల్లి ఏదమ్మా?" అన్నారు. చూస్తే ఎడమ చివర ఒక మోచెయ్యి, కాస్త చీర చెంగు. అంతే. కుడి చివర మా తమ్ముడి కొడుక్కి చెవి దాకా తెగిపోయింది. అన్ని ఫ్రేములూ అంతే.

ఎందుకిలా అయిందో తర్వాత కూర్చుని లెక్క వేస్తే తెలిసింది. ఈ కెమెరాల్లో ఫోటో పొడవూ వెడల్పూ 3:2 లెక్కలో వస్తుంది. అంటే ఎత్తు 12 అంగుళాలు చేస్తే పొడవు 18 రావాలి. 12x15 కాగితంలో పట్టించాలంటే 3 అంగుళాలు కొయ్యాల్సిందే. సైట్ దానంతటదే మధ్య భాగం ఉంచి అటు అంగుళంన్నర, ఇటు అంగుళంన్నర తీసేస్తుంది. ఒక్క మనిషి ఫోటో అయితే తేడా తెలీదు, గ్రూప్ ఫోటోలో చివరివాళ్లు పోతారు. 8x12, 12x18, 16x24, 20x30 అయితే కోత ఉండదు. 8x10, 12x15 అయితే కోత తప్పదు. ఈ మాట సైజుల పక్కన ఒక్క ముక్క రాయలేదు. పైగా ఆర్డర్ పేజీలో ప్రతి ఫోటోనీ చతురస్రంగా చిన్న బొమ్మలా చూపిస్తారు, కాబట్టి ఏది తెగుతుందో అక్కడ కనిపించే దారే లేదు. కోత ఎక్కడ పడాలో మార్చుకునే బటన్ ఒకటుంది. కంప్యూటర్‌లో తెరిస్తేనే వస్తుంది, ఫోన్‌లో రాదు. లింకు పంపింది వాట్సాప్‌లో, అందరూ తెరిచేది ఫోన్‌లోనే అని వాళ్లకి తెలీదా?

ఫోన్ చేస్తే "మీరే కదా మేడమ్ ఓకే నొక్కారు" అన్నాడు. గట్టిగా అడిగాక, మెసేజ్‌ల మీద మెసేజ్‌లు పెట్టాక, ఈసారి కోత లేకుండా 12x18లో ఉచితంగా చేసిస్తాం, కొంచెం టైమివ్వండి అన్నారు. సరే అన్నాం.

అసలు మోసం ఇక్కడుంది, దయచేసి ఇది చదవండి.

రెండోసారి వచ్చిన ఫ్రేముల్లో అత్తయ్య ఉంది, అందరూ ఉన్నారు. కానీ మొహాలు అలుక్కుపోయినట్టున్నాయి. అత్తయ్య పట్టుచీర జరీ అంచు ఆల్బమ్‌లో గీత గీతగా కనబడుతుంది, ఇందులో పసుపు పట్టీలా ఉంది. నాన్న కళ్లజోడు ఫ్రేము మెట్లుమెట్లుగా ఉంది. మళ్లీ ఫోన్ చేశాను. "ఒరిజినల్ నుంచే కొట్టించాం మేడమ్, దగ్గర్నుంచి చూస్తే అలాగే ఉంటుంది" అన్నాడు.

అప్పుడు మా అబ్బాయి చూపించాడు. కింద కుడి మూలలో, తివాచీ మీద, లేత తెల్లగా స్టూడియో లోగో. గ్యాలరీలో ఎంచుకోవడానికి పెట్టే చిన్న కాపీల మీద వేసే లోగో అది. ఒరిజినల్ మీద ఉండదు, ఆల్బమ్‌లో లేదు. అంటే సైట్‌లో చూపించే చిన్న కాపీనే అచ్చు వేసి, ఒరిజినల్ అని మొహం మీదే చెప్పాడు.

లోగో ఫోటో తీసి పంపాకే నిజం బయటికొచ్చింది. "గ్యాలరీ 90 రోజులే మేడమ్. ఆ తర్వాత ఒరిజినల్స్ తీసేస్తాం. స్టోరేజీ మాకు ఊరికే రాదు కదా." మా కంప్లైంట్ నడుస్తుండగానే ఆ 90 రోజులూ అయిపోయాయి. టైమివ్వండి అన్నవాళ్లు, ఫ్రేములు మళ్లీ చేయాలని తెలిసినవాళ్లు, ఆ ఒక్క ఫైలైనా ఉంచుకోలేదు. నాన్న వయసుకి ఆ ఫోటో మళ్లీ తీయించగలమా? అత్తయ్యని మళ్లీ రప్పించగలమా? అది అడిగితే "ఫోటోలు స్టూడియో ప్రాపర్టీ, మా రూల్స్ మాకుంటాయి" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ మాటా తప్పే. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. మేం అలాంటి కాగితం మీద సంతకం పెట్టలేదు. కాకపోతే ఫైలే లేనప్పుడు హక్కుతో ఏం చేసుకోవాలి?

ప్యాకేజీలో "సాఫ్ట్ కాపీలు ఇస్తాం" అని రాసుంది. సైట్‌లో డౌన్‌లోడ్ బటన్ ఇచ్చారు, అన్నీ దించుకున్నాం కూడా. కానీ అవీ చిన్నవే, 2048x1365. ఫోన్‌లో, టీవీలో అద్దంలా కనిపిస్తాయి, అందుకే ఎవరికీ అనుమానం రాదు. 18 అంగుళాల కాగితం మీద వేస్తే అంగుళానికి 114 పిక్సెళ్లే. 24 మెగాపిక్సెల్ కెమెరా ఒరిజినల్ 6000x4000 ఉంటుంది, అదే కాగితం మీద అంగుళానికి 333 వస్తాయి. ల్యాబ్‌లు మామూలుగా అడిగేది 300. జరీ ఎక్కడ పోయిందో ఇప్పుడు అర్థమైంది కదా.

డబ్బు తిరిగివ్వమని ఈమెయిల్ పెట్టాను, జవాబు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి స్క్రీన్‌షాట్లతో సహా ఫిర్యాదు ఇస్తున్నాను. ఇదే స్టూడియోతో ఇలా అయినవాళ్లుంటే కింద చెప్పండి, కలిసి ఇద్దాం.

బుక్ చేసేవాళ్లు ఒరిజినల్ సైజు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఇస్తామనీ, ఎన్నాళ్లు ఉంచుతారనీ అడ్వాన్సుకి ముందే రాయించుకోండి. ఫ్రేము ఆర్డర్ కంప్యూటర్‌లోనే పెట్టండి. ఇప్పటికే గ్యాలరీ లింకు ఉన్నవాళ్లు ఈ రాత్రే ఒక్క ఫోటో దించి డిటెయిల్స్‌లో సైజు చూడండి. 2048 దగ్గర ఉంటే గడువు అయ్యేలోపు ఒరిజినల్స్ అడిగి తెచ్చుకోండి. ఫోన్‌లో కాదు, స్టూడియోకి వెళ్లి.